ఆఫీసు గ్రూపులో మీ ముఖం అతికించిన ఎగతాళి బొమ్మ: హెచ్ఆర్‌కు మెయిల్ రాయడంపై తరచుగా అడిగే ప్రశ్నలు

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, కొరాపుట్, బరంపురం ప్రాంతాల్లోని ఫ్యాక్టరీల్లో, గోడౌన్లలో, ఆఫీసుల్లో పనిచేసే తెలుగువాళ్ళ కోసం ఈ పేజీ. ప్రశ్నలన్నిటికీ ఊహించి అల్లిన ఒకే ఉదాహరణ తీసుకున్నాం. రాయగడ దగ్గర ఒక ప్లాంటు. అక్కడ స్టోర్స్‌లో పనిచేసే తెలుగు ఉద్యోగి రావలసిన ఓటీ డబ్బుల గురించి సోమవారం సూపర్‌వైజర్‌కు కాగితం ఇచ్చాడు. గురువారం రాత్రి షిఫ్టు వాట్సాప్ గ్రూపులోకి ఒక బొమ్మ వచ్చింది. రైల్వే స్టేషన్ మెట్ల మీద పళ్ళెం పట్టుకుని కూర్చున్న ముసలి బిచ్చగాడి ఒంటికి ఇతని ముఖం అతికించారు. కింద ఒడియాలో ఒక వాక్యం.

బొమ్మ కనబడగానే ఏం చేయాలి? గ్రూపులోనే గట్టిగా అడిగేస్తే పోదా?

అడగొచ్చు గానీ, ముందు దాచుకోండి. మీరు అడిగిన మరుక్షణం పోస్ట్ చేసినవాడు "అందరికీ డిలీట్" నొక్కుతాడు. వాట్సాప్ అందుకు రెండు రోజులకు పైగానే గడువిస్తుంది. అడ్మిన్ కూడా గ్రూపులో ఎవరి మెసేజ్‌నైనా తీసేయగలడు. తరవాత మీ దగ్గర మిగిలేది "ఈ మెసేజ్ డిలీట్ అయింది" అన్న గీత ఒక్కటే. కొన్ని ఫోన్లలో గ్యాలరీలోంచి కూడా బొమ్మ పోతుంది. గ్రూపులో మాయమయ్యే మెసేజ్‌ల సెట్టింగు పెట్టి ఉంటే ఎవరూ ఏమీ చేయకపోయినా 24 గంటలకో, 7 రోజులకో, 90 రోజులకో దానంతటదే పోతుంది. కాబట్టి ఇవన్నీ ఆ రాత్రే కానివ్వండి.

మొదటి స్క్రీన్‌షాట్‌లో పైన గ్రూపు పేరు, మధ్యలో బొమ్మ, పంపినవాళ్ళ పేరు, మెసేజ్ వేళ కలిసి కనబడాలి. బొమ్మను పెద్దది చేసి తీసిన స్క్రీన్‌షాట్ పనికిరాదు. అందులో గ్రూపూ ఉండదు, వేళా ఉండదు.

రెండోది పంపినవాళ్ళ నంబరు. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. గ్రూపులో కనబడే పేరు మీ ఫోన్లో మీరు సేవ్ చేసుకున్న పేరు. మీరు "బుడ్డి సార్" అని సేవ్ చేసుకుంటే స్క్రీన్‌షాట్‌లో "బుడ్డి సార్" అనే వస్తుంది. హెచ్ఆర్‌కు ఆ పేరుతో ఎవరూ తెలియదు, పైగా మీరే మారుపేరు పెట్టి పిలుస్తున్నట్టు కనబడుతుంది. పేరు మీద నొక్కి, పూర్తి నంబరు కనబడే పేజీని స్క్రీన్‌షాట్ తీయండి.

మూడోది పైన, కింద ఉన్న మాటలు. బొమ్మకు ముందు పది మెసేజ్‌లు, తరవాత వచ్చిన నవ్వు గుర్తులు, ఎవరైనా "ఇది బాగోలేదు, తీసెయ్" అన్న మాట. ఆ చివరి మాట అన్నవాళ్ళే రేపు మీ సాక్షి.

నాలుగోది అసలు బొమ్మ ఫైలు. గ్యాలరీలో దాన్ని వేరే ఫోల్డర్‌లోకి కాపీ చేసుకోండి. వీలైతే గ్రూపు సమాచారం, సభ్యుల జాబితా, మెసేజ్ వరసగా కనబడేలా ఒకటి రెండు నిమిషాల స్క్రీన్ రికార్డింగు కూడా చేయండి. స్క్రీన్‌షాట్‌ను ఎడిట్ చేశారనే వాదనకు రికార్డింగు ముందు బలం తగ్గుతుంది.

ఇవన్నీ అయ్యేదాకా గ్రూపులోంచి బయటికి రావద్దు. వచ్చేస్తే తరవాతి మాటలు మీకు కనబడవు. మళ్ళీ చేర్చినా మధ్యలో నడిచిన సంగతి మామూలుగా మీ ఫోనుకు రాదు.

ఫైలు పేరు గజిబిజిగా ఉంది. మార్చి "బిచ్చగాడి ఫోటో" అని పెట్టుకోవచ్చా?

వద్దు. ఆండ్రాయిడ్ ఫోన్లో వాట్సాప్ బొమ్మ పేరు ఇలా ఉంటుంది:

```
IMG-20260122-WA0037.jpg
```

మధ్యలో ఉన్నది తేదీ, 2026 జనవరి 22. చివరిది ఆ రోజు ఆ ఫోన్లో ఆ బొమ్మకు పడిన వరస నంబరు. ఈ నంబరు ఫోను ఫోనుకూ మారుతుంది. మీ తోటి ఉద్యోగి ఫోన్లో అదే బొమ్మ WA0012 అయి ఉండొచ్చు, అందులో అనుమానించేది ఏమీ లేదు. ఇద్దరి ఫోన్లలో పేర్లు వేరుగా ఉన్నాయి కాబట్టి ఇది కట్టుకథ అని ఎవరైనా అంటే చెప్పవలసిన జవాబు ఇదే. ఐఫోన్‌లో ఈ పద్ధతి ఉండదు.

అసలు ఫైలును అలాగే ఉంచి, మెయిల్‌కు జతచేసే కాపీకి మాత్రం "జత 1", "జత 2" అని పేరు పెట్టండి. ఏ జత ఏ ఫైలుకు కాపీయో మీ దగ్గర రాసి పెట్టుకోండి. బొమ్మను మళ్ళీ మామూలు ఫోటోగా వాట్సాప్‌లో పంపితే అది ఇంకోసారి కుదించుకుపోతుంది. ఎవరికైనా ఇవ్వాల్సి వస్తే డాక్యుమెంటుగా పంపండి.

మెయిల్ ఎవరికి పంపాలి? నేను కాంట్రాక్టరు మనిషిని.

కంపెనీ రోల్స్‌లో ఉన్నవాళ్ళు ప్లాంటు హెచ్ఆర్‌కు పంపి, హెడ్ ఆఫీసు హెచ్ఆర్ లేదా ఫిర్యాదుల మెయిల్ చిరునామాకు కాపీ పెట్టండి. చిన్న యూనిట్లలో ప్లాంటు హెచ్ఆర్ అంటే ఒకే ఒక్క మనిషి. ఆయన కూడా అదే గ్రూపులో ఉంటాడు, ఒక్కోసారి అడ్మిన్ కూడా ఆయనే. అలా అయితే మెయిల్ నేరుగా హెడ్ ఆఫీసుకు వెళ్ళాలి. కారణం ఒక్క వాక్యంలో రాయండి: "ప్లాంటు హెచ్ఆర్ అధికారి ఈ గ్రూపులో సభ్యులు కాబట్టి మీకు రాస్తున్నాను." అంతకుమించి వ్యాఖ్య వద్దు.

కాంట్రాక్టరు కింద పనిచేసేవాళ్ళు ఒకే మెయిల్‌ను కాంట్రాక్టరుకూ, ప్లాంటు హెచ్ఆర్‌కూ పంపాలి. ఒక్కరికే పంపితే "మాది కాదు, వాళ్ళది" అని ఫుట్‌బాల్ ఆడతారు. పోస్ట్ చేసినవాడు కంపెనీ మనిషైతే అతని మీద చర్య తీసుకునే అధికారం కాంట్రాక్టరుకు ఉండదు. అటుది ఇటైతే ప్లాంటు గేట్ పాస్ ఆపగలదు గానీ ఉద్యోగ శిక్ష కాంట్రాక్టరు చేతిలోనే ఉంటుంది.

సూపర్‌వైజర్‌కు కాపీ పెట్టాలా? బొమ్మ ఆయనతో నడుస్తున్న ఓటీ గొడవకు సంబంధించినదైతే వద్దు.

మెయిల్ తెలుగులో రాయొచ్చా? క్యాప్షన్ ఒడియాలో ఉంది, హెచ్ఆర్ మేడం బెంగాలీ ఆవిడ.

తెలుగులో రాయకూడదన్న నిషేధం ఏమీ లేదు. కానీ చదివేవాళ్ళకు రాకపోతే మెయిల్ ఎవరో ఒకరి చేతిలో అనువాదానికి వెళుతుంది. ఆ ఒకరు గ్రూపులోనే ఉన్న తెలుగు సహోద్యోగి కావచ్చు. అందుకే పొట్టి వాక్యాల ఇంగ్లీషు మేలు. గొప్ప ఇంగ్లీషు అక్కర్లేదు. కింద ఇచ్చిన నమూనాను వాక్యానికి వాక్యం ఇంగ్లీషులోకి మార్చుకోవచ్చు.

అసలు శ్రద్ధ పెట్టవలసింది క్యాప్షన్ మీద. ఈ జిల్లాల గ్రూపుల్లో ఒడియా, తెలుగు, హిందీ కలగాపులగంగా నడుస్తాయి. ఎగతాళి చాలాసార్లు భాషలోనే ఉంటుంది: తెలుగువాడు ఒడియా మాట్లాడే యాసను వెక్కిరించడం, ఊరి పేరు పట్టి దెప్పడం. బయటినుంచి వచ్చిన అధికారికి బొమ్మ చూస్తే "ఏదో తమాషా" అనిపిస్తుంది, మాట అర్థమైతేనే కుట్టే చోటు తెలుస్తుంది. కాబట్టి మూడు ముక్కలుగా ఇవ్వండి. మొదట ఉన్న మాట ఉన్నట్టుగా, ఉన్న లిపిలోనే. తరవాత అది ఎలా పలుకుతారో. ఆపైన అర్థం.

మన ఉదాహరణలో క్యాప్షన్ పలుకుబడి "ఓటీ టికే దిఅ బాబు". అర్థం "కాస్త ఓటీ ఇవ్వండి బాబూ". అడుక్కునేవాళ్ళు అనే తీరులో ఉన్న మాట ఇది. ఆ ఒక్క వివరణ వాక్యంతో ఓటీ కాగితానికీ బొమ్మకూ ఉన్న ముడి దానంతటదే బయటపడుతుంది. మీరు "ఇది నా మీద కక్ష" అని రాయనక్కర్లేదు.

అర్థం రాసేటప్పుడు ఘాటు పెంచకండి, తగ్గించకండి. అవతలివాళ్ళు ఒడియా వచ్చిన ఇంకొకరితో చదివిస్తారు. మీ అనువాదంలో లేనిపోని తిట్టు కనబడితే మిగతా మెయిల్ మీద కూడా నమ్మకం సడలుతుంది. బూతు ఉంటే బూతునే రాయండి, చుక్కలు పెట్టొద్దు. చుక్కల మీద విచారణ నడవదు.

మెయిల్ ఎలా ఉండాలి? ఒక నమూనా చూపిస్తారా?

ఒక పేజీ దాటకూడదు. ఫోన్లో చదివినా రెండు మూడు సార్లు జరిపేసరికి అయిపోవాలి. వరస ఇది: ఏం జరిగింది, ఎక్కడ, ఎప్పుడు, ఎవరి నంబరు నుంచి, మాటల అర్థం, పని మీద పడిన ప్రభావం, నేను అడిగేది, జతలు.

విషయం: షిఫ్టు వాట్సాప్ గ్రూపులో నా ముఖం అతికించిన బొమ్మ (22.01.2026) – ఫిర్యాదు

"హెచ్ఆర్ విభాగం వారికి,

నేను స్టోర్స్ విభాగంలో అసిస్టెంటుగా పనిచేస్తున్నాను. నా ఉద్యోగి నంబరు: …

22.01.2026 గురువారం రాత్రి 9:42కు మా షిఫ్టు వాట్సాప్ గ్రూపులో (గ్రూపు పేరు: …, సభ్యులు 46 మంది) ఒక బొమ్మ పోస్ట్ అయింది. అందులో బిచ్చమెత్తుతున్న ఒక వ్యక్తి శరీరానికి నా ముఖం అతికించి ఉంది. ఆ ముఖం నా ఐడీ కార్డు ఫోటోలోది. పోస్ట్ చేసిన నంబరు … . ఈ నంబరు ప్యాకింగ్ విభాగంలోని … గారిదని నాకు తెలుసు. బొమ్మను ఎవరు తయారు చేశారో నాకు తెలియదు.

బొమ్మ కింద ఒడియాలో ఉన్న మాట: … . పలికే తీరు: ఓటీ టికే దిఅ బాబు. అర్థం: కాస్త ఓటీ ఇవ్వండి బాబూ. 19.01.2026న నేను ఓటీ బకాయి గురించి సూపర్‌వైజర్ గారికి రాతపూర్వకంగా ఇచ్చాను. దాని కాపీ జతచేశాను.

23.01.2026 ఉదయం ఇష్యూ కౌంటరు దగ్గర ఇద్దరు నన్ను ఈ మాటతోనే పిలిచారు. వారు: …, … . అప్పుడు అక్కడ ఉన్నవారు: … .

నా విన్నపాలు: 1. బొమ్మను, దాని చుట్టూ ఉన్న మెసేజ్‌లను డిలీట్ చేయించే ముందు కాపీ భద్రపరచండి. 2. ఆ తరవాత గ్రూపులోంచి తీయించి, ముందుకు పంపవద్దని సభ్యులకు చెప్పండి. 3. నా ఐడీ కార్డు ఫోటో బయటికి ఎలా వచ్చిందో విచారించండి. 4. కంపెనీ ప్రవర్తనా నియమాల ప్రకారం విచారణ జరిపి ఫలితం నాకు రాతపూర్వకంగా తెలపండి. 5. ఈ మెయిల్ అందినట్టు జవాబు ఇవ్వండి.

జతలు: 1. స్క్రీన్‌షాట్లు (4). 2. అసలు బొమ్మ. 3. నా ఐడీ ఫోటో. 4. 19.01.2026 నాటి కాగితం కాపీ."

ఇందులో "తీవ్ర మానసిక క్షోభ", "పరువు గంగలో కలిసింది" లాంటివి లేవని గమనించే ఉంటారు. అవి అబద్ధాలని కాదు. కౌంటరు దగ్గర ఫలానా ఇద్దరు ఫలానా మాటతో పిలిచారన్న వాక్యం విచారించడానికి వీలైనది. క్షోభను విచారించలేరు. నిద్ర పట్టక డాక్టరును కలిసి ఉంటే ఆ తేదీ రాసి చీటీ జతచేయండి.

విన్నపాల్లో మొదటి రెండిటి వరస ముఖ్యం. చాలామంది "వెంటనే తీయించండి" అని మాత్రమే రాస్తారు. హెచ్ఆర్ వెంటనే తీయిస్తుంది, దాంతో రుజువు కూడా పోతుంది. వాట్సాప్ మెసేజ్‌లు ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్‌లో ఉంటాయి కాబట్టి కంపెనీ సర్వర్ నుంచి తీయగలిగేది ఏమీ ఉండదు. ఉన్నదల్లా సభ్యుల ఫోన్లలోనే. అదే బొమ్మ కంపెనీ ఇచ్చిన టీమ్స్ లాంటి యాప్‌లో వచ్చి ఉంటే కథ వేరు. అక్కడ ఐటీ విభాగం దగ్గర రికార్డు నిలిచే అవకాశం ఎక్కువ, దాన్ని చెరపకుండా ఆపమని మెయిల్లో అడగాలి.

తయారు చేసిందెవరో నాకు తెలుసు. పేరు రాయకూడదా?

"తెలుసు" అంటే కళ్ళారా చూశారా, అతనే మీతో ఒప్పుకున్నాడా, లేక అతనికి ఇలాంటి యాప్‌లు వచ్చని అనుమానమా? మొదటి రెండైతే ఎక్కడ, ఎప్పుడు అన్నది కలిపి రాయండి. మూడోదైతే వదిలేయండి.

పోస్ట్ చేయడం ఒకటి, తయారు చేయడం ఇంకొకటి. బొమ్మ పైన "ఫార్వర్డ్ అయింది" అన్న గుర్తు ఉంటే అది ఇంకో చాట్ నుంచి వచ్చిందన్నమాట. రెండు బాణాల గుర్తుతో "చాలాసార్లు ఫార్వర్డ్ అయింది" అని ఉంటే కనీసం ఐదు చేతులు మారి వచ్చింది. గుర్తే లేకపోతే అతనే తయారు చేశాడని తేల్చేయలేం. గ్యాలరీలో సేవ్ చేసుకుని మళ్ళీ పంపినా గుర్తు పోతుంది. మీ స్క్రీన్‌షాట్‌లో ఈ గుర్తు ఉందో లేదో ఒక వాక్యం రాస్తే చాలు. ఫేస్ స్వాప్ యాప్‌ల ఉచిత రకాల్లో కొన్ని బొమ్మ మూల తమ పేరు ముద్రిస్తాయి. అలాంటిది ఉంటే దాన్నీ చెప్పండి, కత్తిరించకండి.

పేరు తప్పయితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. విచారణ ఆ తప్పు పేరు చుట్టూనే తిరిగి ముగుస్తుంది, మీ మీద ఎదురు ఫిర్యాదు వస్తుంది.

అది అతికించిన బొమ్మే అని నేను రుజువు చేయాలా?

బిచ్చగాడి బొమ్మలాంటిదైతే అక్కర్లేదు. అది మీరు కాదని అందరికీ తెలుసు, ఎగతాళి అక్కడే ఉంది. నిజమని నమ్మే వీలున్న బొమ్మ వేరు. బార్‌లో తాగి పడిపోయినట్టు, స్టోర్స్ సామాను మోసుకుపోతున్నట్టు ఉంటే ఉద్యోగానికే ముప్పు. అప్పుడు మీ అసలు ఫోటోను పక్కన పెట్టండి. ఫేస్ స్వాప్‌లో తల వంపు, కళ్ళజోడు మెరుపు, చెంప మీద నీడ తరచుగా మూల ఫోటోలో ఉన్నట్టే వస్తాయి. చెవులు, మెడ రంగు, నుదుటి దగ్గర జుట్టు అంచు మాత్రం అవతలి ఒంటివే అయి ఉంటాయి. యాప్‌ను బట్టి ఇవి మారతాయి, కొన్ని యాప్‌లు తల వంపును కూడా సర్దుతాయి. అయినా చెవి తేడా లాంటిది రెండు ఫోటోల్లో గీత గీసి చూపిస్తే అధికారికి క్షణంలో బోధపడుతుంది.

మూల ఫోటో ఏదో కనిపెట్టడంలో ఇంకో లాభం ఉంది. అది ఐడీ కార్డు ఫోటో అయితే, దాన్ని చూడగలిగినవాళ్ళు కొద్దిమందే. పిక్నిక్ ఫోటో అయితే గ్రూపంతా చూసినదే.

"సరదాకి పెట్టాం, ఇంత రాద్ధాంతమా" అంటున్నారు.

పోస్ట్ చేసినవాడి ఉద్దేశం విచారణలో శిక్ష ఎంత అన్నదానికి పనికొస్తుంది. ఫిర్యాదు తీసుకోవాలా వద్దా అన్నదానికి కాదు. మీరు కూడా పాత బొమ్మలకు నవ్వు గుర్తులు పెట్టి ఉంటే అవతలివాళ్ళు వాటిని తీసుకొస్తారు. దాచొద్దు. "ఇంతకుముందు ఇలాంటి పోస్టులకు నేను స్పందించాను, ఈ బొమ్మ నా ఓటీ విన్నపానికి సంబంధించి వచ్చింది కాబట్టి ఫిర్యాదు చేస్తున్నాను" అని మీరే ముందు రాస్తే వాళ్ళ చేతిలో ఆయుధం ఉండదు.

అది ప్రైవేటు వాట్సాప్ గ్రూపు, కంపెనీకి సంబంధం లేదని హెచ్ఆర్ అంటే?

గ్రూపు ఎవరు తెరిచారన్నది సగమే. దాంట్లో ఏం నడుస్తుందన్నది మిగతా సగం. షిఫ్టు మార్పులు, సెలవు విన్నపాలు, గేట్ పాస్ సంగతులు, ఆడిట్ తేదీలు ఆ గ్రూపులోనే వస్తుంటే అది పని గ్రూపే. అలాంటి మెసేజ్‌లు మూడు నాలుగు, వీలైతే సూపర్‌వైజర్ పెట్టినవి, స్క్రీన్‌షాట్ తీసి జతచేయండి. మొత్తం చాట్‌ను ఎగుమతి చేసి పంపడం మాత్రం తప్పు. అందులో పక్కవాళ్ళ ఇంటి కబుర్లు, ఆస్పత్రి రిపోర్టులు కూడా ఉంటాయి. వాటిని హెచ్ఆర్ చేతిలో పెట్టడానికి మీకు హక్కు లేదు.

ఫిర్యాదు చేసేది మహిళ అయితే? బొమ్మ అసభ్యంగా ఉంటే?

అప్పుడు హెచ్ఆర్ మెయిల్ ఒక్కటే సరిపోదు. పని చోట మహిళలపై లైంగిక వేధింపుల నిరోధక చట్టం (2013) ప్రకారం పది మంది లేదా అంతకు మించి పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి. లైంగిక స్వభావం ఉన్న బొమ్మ ఆ కమిటీ పరిధిలోకి వస్తుంది. కమిటీకి రాతపూర్వక ఫిర్యాదు మూడు నెలల్లోపు ఇవ్వాలి. ఆలస్యానికి సరైన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలల దాకా అనుమతించవచ్చు. విచారణ 90 రోజుల్లో ముగియాలి. ఫిర్యాదు ఆరు ప్రతులు, రుజువులు, సాక్షుల పేర్లు, చిరునామాలు ఇవ్వాలని నియమాల్లో ఉంది. మెయిల్లో "అంతర్గత కమిటీకి ఫిర్యాదు" అన్న మాట స్పష్టంగా ఉండాలి. లేకపోతే హెచ్ఆర్ దాన్ని మామూలు గొడవగా నమోదు చేసి పక్కన పెట్టే ప్రమాదం ఉంది, గడువు మాత్రం నడుస్తూనే ఉంటుంది.

కాంట్రాక్టు మహిళలు కూడా తాము పనిచేసే చోటి కమిటీకి ఇవ్వొచ్చు. పది మందికన్నా తక్కువ ఉన్న చోట, లేదా ఫిర్యాదు యజమాని మీదే అయినప్పుడు, జిల్లాలోని స్థానిక కమిటీకి వెళ్ళాలి. విచారణ నడుస్తుండగా బదిలీ గానీ, మూడు నెలల వరకు సెలవు గానీ కమిటీని అడగొచ్చు. ఆరోపణ రుజువు కాకపోయినంత మాత్రాన ఫిర్యాదు చేసినామెను శిక్షించడానికి లేదు.

అసభ్య బొమ్మను సాక్షులకో బంధువులకో "చూడండి ఏం చేశారో" అంటూ ఫార్వర్డ్ చేయకండి. ఐటీ చట్టం 67, 67ఎ సెక్షన్లు తయారు చేసినవాళ్ళతో ఆగవు, పంపించేవాళ్ళకూ వర్తించవచ్చు. మెయిల్‌కు కూడా జతచేయకుండా "బొమ్మ నా దగ్గర ఉంది, కమిటీ ముందు చూపుతాను" అని రాయొచ్చు.

మగవారికి ఈ 2013 చట్టం కింద ఫిర్యాదు చేసే వీలు లేదు. వాళ్ళకు కంపెనీ ప్రవర్తనా నియమాలు, కింద చెప్పే కమిటీ ఉన్నాయి.

మెయిల్ పంపి వారమైంది, జవాబు లేదు.

అదే మెయిల్ మీద రిప్లై కొట్టండి, కొత్త మెయిల్ తెరవొద్దు. పాత తేదీ కింద కనబడుతుంది. రెండే వాక్యాలు: "24.01.2026న పంపిన ఫిర్యాదు అందినట్టు జవాబు రాలేదు. ఇప్పటివరకు తీసుకున్న చర్య తెలపగలరు." ప్లాంటులో ఇన్‌వార్డ్ రిజిస్టరు ఉంటే మెయిల్ ప్రింటు ఇచ్చి, రెండో ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకోండి. ఈ ప్రాంతంలో చాలా ఆఫీసుల్లో మెయిల్ కంటే ముద్ర పడిన కాగితానికే కదలిక ఎక్కువ.

2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉన్న పారిశ్రామిక సంబంధాల కోడ్ (2020) ప్రకారం 20 మంది లేదా అంతకు మించి కార్మికులున్న పారిశ్రామిక సంస్థలో ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. యాజమాన్యం వాళ్ళూ కార్మికులూ సమానంగా, మొత్తం పది మందికి మించకుండా ఉంటారు. సంగతి జరిగిన ఏడాదిలోపు దరఖాస్తు ఇవ్వొచ్చు, కమిటీ 30 రోజుల్లో తేల్చాలి. ఇది కార్మికుల నిర్వచనంలోకి వచ్చేవాళ్ళకే, మేనేజర్లకు కాదు.

మెయిల్ పంపాక షిఫ్టు మార్చడం, ఓటీ పేర్లలోంచి తీసేయడం జరిగితే ప్రతిదానికీ తేదీ రాసుకుని, పాత రోస్టరు, కొత్త రోస్టరు రెండూ ఫోటో తీసి ఆ మెయిల్ మీదనే ఇంకో రిప్లై పెట్టండి.

మెయిల్లో సెక్షన్లు రాయాలా? పోలీసుల దగ్గరికి ఎప్పుడు వెళ్ళాలి?

సెక్షన్లు వద్దు. జనం నోట ఎక్కువగా వినబడే ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015లోనే కొట్టేసింది. దాన్ని రాస్తే మెయిల్ పలచబడిపోతుంది. 66ఇ కూడా శరీరపు రహస్య భాగాల చిత్రాల గురించే, ఎగతాళి బొమ్మలకు వర్తించదు.

ఒట్టి వెక్కిరింత అయితే మొదట హెచ్ఆర్ దారే. పరువు నష్టం భారతీయ న్యాయ సంహితలో 356 సెక్షన్ కింద వస్తుంది, కానీ దానికి పోలీసులు నేరుగా కేసు కట్టరు, మేజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు వేసుకోవాలి. బొమ్మ అసభ్యమైనా, డబ్బు కోసమో రాజీనామా కోసమో బెదిరించినా హెచ్ఆర్ జవాబు కోసం ఆగకుండా పోలీస్ స్టేషనుకో cybercrime.gov.in కో వెళ్ళండి. కులం పేరో తెగ పేరో పెట్టి ఎస్సీ, ఎస్టీ ఉద్యోగిని అవమానించి ఉంటే 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం ముందుకొస్తుంది. ఆ మాటను యథాతథంగా భద్రపరచి న్యాయవాదికి చూపించండి.

కోర్టు దాకా వెళ్ళేలా ఉంటే బొమ్మ వచ్చిన ఫోను అమ్మొద్దు, రీసెట్ చేయొద్దు. భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రుజువుకు సర్టిఫికెట్ జతచేయాలి, అందులో ఫైలు హ్యాష్ విలువ రాయాలి. విండోస్ కంప్యూటర్లో అది ఇలా వస్తుంది:

```
certutil -hashfile IMG-20260122-WA0037.jpg SHA256
```

వచ్చిన పొడుగాటి అంకెలు, అక్షరాల వరసను రాసి పెట్టుకోండి. ఫైల్లో ఒక్క చుక్క మారినా ఆ వరస మారిపోతుంది. హెచ్ఆర్ మెయిల్‌కు మాత్రం ఇదేమీ అక్కర్లేదు.

పోస్ట్ చేసినతను గ్రూపులో "సారీ అన్నా" అని బొమ్మ తీసేశాడు. ఫిర్యాదు వెనక్కి తీసుకోమంటున్నారు.

అది మీ ఇష్టం, ఎవరి ఒత్తిడీ కాదు. ఆ సారీని కూడా స్క్రీన్‌షాట్ తీయండి, పోస్ట్ చేసింది తానేనని ఒప్పుకున్నట్టు అది. సరిపెట్టుకోవాలనుకుంటే "ఫిర్యాదు తప్పు, వెనక్కి తీసుకుంటున్నాను" అని రాయొద్దు. "ఫలానా తేదీన క్షమాపణ చెప్పి బొమ్మ తొలగించారు. శిక్ష కోరడం లేదు. బొమ్మ మళ్ళీ కనబడితే ఈ ఫిర్యాదును తిరిగి తెరవాలి. ఐడీ ఫోటో బయటికి వెళ్ళిన సంగతి మీద విచారణ కొనసాగించగలరు" అని రాయండి. ఓటీ బకాయి కాగితం దీంతో కలిసి మూతపడకూడదు, దాని మీద వేరే మెయిల్ నడపండి.